ప్రొఫైల్ ఫోటోలో మొహం మైనం బొమ్మలా కాకుండా

రెజ్యూమెకి ఫోటో దిగితే స్టూడియోలో మొహం ఎంత నున్నగా చేశారంటే, మా అమ్మే "ఇదెవర్రా?" అంది. అందుకే ఈసారి ఇంట్లోనే తీసుకున్నాను.

ముందు ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపేయండి. అది ఒకసారి చెరిపేసిన చర్మం మళ్లీ రాదు. పొద్దున పూట, నేరుగా ఎండ పడని కిటికీకి ఎదురుగా రెండు మూడు అడుగుల దూరంలో నిలబడండి. సెల్ఫీ వద్దు, దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దగా వస్తుంది. ఐదారు అడుగుల దూరం నుంచి వెనక కెమెరాతో ఎవరినైనా తీయమనండి.

తర్వాత స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్‌లో Healing తెరిచి, బాగా జూమ్ చేసి, మొటిమల మీద మాత్రమే నొక్కండి. నేను పాటించే లెక్క ఒక్కటే: వారంలో పోయేది తీసేయొచ్చు, పుట్టుమచ్చ, పాత గాటు ఉంచాలి. కళ్ల కింద నలుపు ఎక్కువుంటే Tune Image లో Shadows పది, పదిహేను వరకు పెంచండి, చాలు. రంగు తెల్లగా చేసే జోలికి మాత్రం పోకండి. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అయితే ఇట్టే దొరికిపోతాం.

చివర్లో జూమ్ చేసి బుగ్గ చూడండి. చర్మ రంధ్రాలు కనిపించకపోతే ఎడిటింగ్ ఎక్కువైనట్టే.

నెత్తి మీద ట్యూబ్‌లైట్ వెలుగులో తీసిన ఫోటోకి ఇది పనిచేయదు. కళ్ల కింద పడ్డ నీడల్ని తగ్గించడానికి Shadows ఎంత పెంచినా మొహం బూడిద రంగుకి తిరుగుతుంది. మళ్లీ తీసుకోవాల్సిందే.