క్లినిక్ టైంకే మొదలైనా పదకొండుకల్లా లేట్ అయిపోతుంటే: స్లాట్ మార్చే ముందు చూడాల్సినవి

వెయిటింగ్ ఎక్కువైంది అనగానే అందరూ చేసే మొదటి పని స్లాట్ 10 నుంచి 15 నిమిషాలకి పెంచెయ్యడం. దయచేసి ముందు ఆ పని చెయ్యకండి. ఒక్క వారం పాటు రిసెప్షన్ దగ్గర ఒక కాగితం పెట్టి ప్రతి పేషెంట్‌కీ మూడు టైంలు రాయించండి: అపాయింట్‌మెంట్ టైం, లోపలికి వెళ్లిన టైం, బయటికి వచ్చిన టైం. పక్కన ఇంకో గడి, అపాయింట్‌మెంట్ లేకుండా లోపలికి వెళ్లిన ప్రతి మనిషికీ ఒక టిక్కు. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేది ఈ ఒక్క పనే, అసలు జవాబు ఉండేది కూడా ఇందులోనే.

వారం అయ్యాక లేట్ ఎంత ఉందో కాదు, లేట్ ఎలా పెరుగుతోందో చూడండి.

మొదటి పేషెంట్‌కి ఎంత లేటో చివరి పేషెంట్‌కీ దాదాపు అంతే లేట్

అంటే స్లాట్ సైజు బానే ఉంది, మొదలుపెట్టడమే లేటు. డాక్టర్ 9కి వస్తారు, కంప్యూటర్ ఆన్ చేసి రెండు ఫోన్లు మాట్లాడేసరికి మొదటి పేషెంట్ 9:12కి లోపలికి వెళ్తారు, ఆ 12 నిమిషాలు మధ్యాహ్నం దాకా అందరూ మోస్తారు. మొదటి అపాయింట్‌మెంట్ 9:15కి పెట్టండి, లేదా డాక్టర్‌ని 8:45కి రమ్మనండి. డాక్టర్ టైంకే వచ్చి మొదటి పేషెంటే లేట్ అవుతుంటే 9:00కి ఇద్దరికి టైం ఇచ్చి మిగతావాళ్లకి మామూలుగా ఇవ్వండి. ఇది 1952లో బెయిలీ, వెల్చ్ అనే పరిశోధకులు చెప్పిన పద్ధతి, ఇప్పటికీ పని చేస్తుంది.

అంతా బావుండి ఒకచోట ఒక్కసారిగా 15 నిమిషాలు లేట్

ఆ టైంలో ఎవరున్నారో చూడండి, చాలాసార్లు కొత్త పేషెంట్ ఫాలో-అప్ స్లాట్‌లో కూర్చుని ఉంటారు. కొత్తవాళ్లకి రెండు స్లాట్లు కలిపి 20 ఇవ్వండి, అయిపోయింది.

గంటగంటకీ కొంచెం కొంచెంగా లేట్ పెరుగుతూ పోవడం

అసలు తలనొప్పి ఇదే. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఏ తప్పూ కనిపించదు.

ఒక క్లినిక్ లెక్క తీసుకుందాం. 9 నుంచి 12 దాకా, 10 నిమిషాల స్లాట్లు, మొత్తం 18. డాక్టర్ "నాకు ఒక్కొక్కరికి 8 నిమిషాలే పడుతుంది" అంటారు, అది నిజమే. కానీ ఒకరు బయటికొచ్చి, డాక్టర్ నోట్స్ రాసుకుని, తర్వాతివాళ్లు లేచి లోపలికెళ్లి కూర్చునేసరికి ఇంకో 2 నిమిషాలు. కాబట్టి కొలవాల్సింది ఒకరు లోపలికి వెళ్లిన టైం నుంచి తర్వాతివాళ్లు లోపలికి వెళ్లిన టైం దాకా, అదీ బయట ఎవరైనా వెయిట్ చేస్తున్నప్పుడు మాత్రమే, ఎవరూ లేక ఖాళీగా ఉన్న టైం కలిపితే లెక్క పాడవుతుంది. ఇక్కడ అది సరిగ్గా 10. అంటే స్లాట్ మొత్తం నిండిపోయింది, ఊపిరి తీసుకోడానికి కూడా చోటు లేదు.

ఇప్పుడు ఆ టిక్కుల గడి చూడండి. టెస్ట్ రిపోర్ట్ చూపించడానికి వచ్చినవాళ్లు గంటకి ఇద్దరు. "రెండు నిమిషాలేగా, పంపించెయ్" అని మధ్యలో దూరుస్తారు. వాళ్లకి స్లాట్ లేదు, చాలాచోట్ల ఫీజు కూడా ఉండదు కాబట్టి ఎక్కడా ఎంట్రీ ఉండదు. కానీ తలుపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ఆ రెండు నిమిషాలు నాలుగు అవుతాయి. గంటకి 8 నిమిషాలు. 10:00 పేషెంట్ 10:08కి, 11:00 పేషెంట్ 11:16కి, 11:50 పేషెంట్ 12:14కి లోపలికి వెళ్తారు. ఎవరూ తప్పు చెయ్యలేదు, డాక్టర్ ఎవరితోనూ ఎక్కువసేపు మాట్లాడలేదు, అయినా అంతా లేటే. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మాత్రం అందరితో తిట్లు తింటుంది.

ఇక్కడ స్లాట్ 15 చేస్తే ఏమవుతుంది? 12 మందే పడతారు, 120 నిమిషాలు ప్లస్ రిపోర్ట్‌లకి 24, మొత్తం 144, అంటే అరగంట పైనే ఖాళీ. ఆ మిగిలిన ఆరుగురు వేరే రోజుకి పోతారు, అపాయింట్‌మెంట్ దొరికేది ఇంకా దూరం అవుతుంది, దూరం అయ్యేకొద్దీ రానివాళ్లు పెరుగుతారు. వెయిటింగ్ తగ్గించబోయి నో-షో తెచ్చుకున్నట్టు. 12 నిమిషాల స్లాట్ లెక్క ప్రకారం సరిపోతుంది గానీ ఆ 2 నిమిషాలు ఎక్కడివక్కడ మాటల్లో కరిగిపోతాయి, ఇద్దరు రిపోర్ట్‌వాళ్లు ఒకేసారి వస్తే మళ్లీ మొదటికే.

సరైన పని ఏంటంటే స్లాట్ 10లోనే ఉంచి, ప్రతి గంటలో :40 స్లాట్‌ని రిపోర్ట్‌లకి వదిలెయ్యడం. టెస్ట్ రాసినప్పుడే "రిపోర్ట్ తీసుకుని 10:40కి రండి" అని చెప్పాలి. ఒక్కో స్లాట్‌కి ఇద్దరు, మూడోవాళ్లు వస్తే తర్వాతి గంట. ఇవి కాక 11:00కి ఒక స్లాట్ పూర్తిగా ఖాళీ, పేరుకున్న లేట్ అక్కడ కరగాలి. బుక్ చెయ్యగలిగేవి 14. పని 140 ప్లస్ 24, అంటే 180లో 164.

ఖాళీ స్లాట్ ఎక్కడ పెడతారనేది ముఖ్యం. అన్నీ చివర పెడితే డాక్టర్ టైంకి ఇంటికి వెళ్తారు గానీ వెయిటింగ్ ఒక్క నిమిషం తగ్గదు. పొద్దున్నే పెడితే అప్పటికి లేట్ ఏమీ ఉండదు, వృథా అయిపోతుంది. మధ్యలోనే ఉండాలి, సిస్టంలో లాక్ చేసి ఉండాలి, లేకపోతే ఎవరో బతిమాలగానే రెండో రోజుకే నిండిపోతుంది.

"18 నుంచి 14కి దిగితే ఎలా" అని డాక్టర్ తప్పకుండా అడుగుతారు. అందరూ వచ్చిన రోజు ఆ 18 మంది అయ్యేది 12:24కి, అది కాగితంలోనే ఉంది, చూపించండి. 18 మందినే చూడాలంటే 18 ప్లస్ రిపోర్ట్‌లకి మూడు, ఖాళీ ఒకటి, మొత్తం 22 స్లాట్లు, సెషన్ 12:40 దాకా అని బోర్డు మీద రాయండి. రెండూ న్యాయమే. 12 అని చెప్పి 12:24 దాకా జనాన్ని కూర్చోబెట్టడం న్యాయం కాదు.

బుక్ చేసుకుని రాకపోవడం

రానివాళ్ల లిస్ట్ తీసి, ఒక్కొక్కరు ఎన్ని రోజుల ముందు బుక్ చేశారో పక్కన రాయండి. చాలామంది రెండు మూడు వారాల ముందు చేసినవాళ్లే అయితే కొన్ని స్లాట్లు ఆపి ముందురోజు మాత్రమే ఓపెన్ చెయ్యండి. రిమైండర్ మెసేజ్‌లో రాలేనని ఒక్క రిప్లైతో చెప్పే వీలుండాలి, ఫోన్ చేసి చెప్పమంటే ఎవరూ చెయ్యరు.

ఎమర్జెన్సీలు, సాఫ్ట్‌వేర్‌లో టైం సెట్టింగ్ తప్పులు కూడా ఉంటాయి, కానీ అరుదు, వాటి కోసం షెడ్యూల్ మార్చక్కర్లేదు.

చివరగా, రిమైండర్‌లు మొదలుపెట్టాక నో-షోలు తగ్గి వెయిటింగ్ పెరిగితే కంగారుపడకండి. పైన చెప్పిన 18లో ముగ్గురు రాని రోజు 174 నిమిషాల్లోనే పని అయిపోతుంది, అంటే ఇన్నాళ్లూ రానివాళ్లే మీకు బఫర్. వాళ్లు రావడం మొదలుపెట్టగానే అది పోతుంది. కాబట్టి :40 స్లాట్లు, 11:00 ఖాళీ ముందు పెట్టండి, ఒక వారం నడిచాక రిమైండర్‌లు ఆన్ చెయ్యండి.