రేట్ల లెక్క, 6వ పాఠం: కప్పు ఎవరిదన్న పందెంలో కోత ఎక్కడ పడుతుంది

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క దగ్గర చాలామంది ఆగిపోయారు. పది జట్ల క్రికెట్ టోర్నీకి విజేత రేట్లు, అంటే రూపాయి పెడితే ఆ జట్టు గెలిచినప్పుడు పెట్టిన రూపాయితో కలిపి చేతికొచ్చే మొత్తాలు ఇచ్చి, 100ని ఒక్కో రేటుతో భాగించి, వచ్చిన శాతాలన్నీ కూడమన్నాను. మొత్తం 118 వచ్చేసరికి తప్పు చేశామనుకుని మళ్ళీ మొదటినుంచి వేశారు. కొందరు చివరి ఐదు జట్లను కొట్టేసి 98 దగ్గర సరిపెట్టారు. మీ కూడిక తప్పు కాదు, 118 సరైన జవాబే. ఈసారి దాన్నే పట్టుకుందాం.

ఆ రేట్లు ఇవి: 3, 4.5, 6, 7, 9, 13, 17, 26, 51, 101. లెక్క కోసం నేను వేసుకున్నవే అయినా బ్రిటన్ బుకీలు వేసే తీరులోనే ఉంటాయి. (తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఆన్‌లైన్ పందేలు నిషేధం. ఇక్కడివాళ్ళు దీన్ని కాగితం మీద లెక్కగానే చేయండి.) ఏ జట్టు గెలిచినా చేతికి 100 రావాలంటే పది జట్ల మీదా కలిపి 118 పెట్టాలి. పెట్టిన ప్రతి వందకూ సుమారు 15 పోయినట్టు. అదే రెండు జట్ల మ్యాచ్‌లో చెరో వైపు 1.91 ఉంటే మొత్తం 104.7 వస్తుంది, వందకు పోయేది నాలుగున్నర. జట్లు పెరిగేకొద్దీ బుకీ ఒక్కోదాని మీద తన లాభం కాస్త కాస్త వేసుకుంటాడు. పది రేట్లు కూర్చుని కూడేవాళ్ళు తక్కువ కాబట్టి ఆ కోత ఎవరి కంటా పడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే చూస్తున్నాను. 118 కనపడగానే అన్ని శాతాలనూ 1.18తో భాగించి ‘కోత తీసేశాను’ అంటారు. అలా చేస్తే 101 రేటున్న జట్టుకు 0.84 శాతం, అంటే 119 సార్లకు ఒకసారి అని వస్తుంది. కానీ కోత అందరికీ సమానంగా పడదు. గుర్రప్పందేల్లో దశాబ్దాలుగా గమనించిన సంగతి ఇది: ఫేవరెట్ మీద కోత తక్కువ, అట్టడుగున ఉన్నవాటి మీద ఎక్కువ. రేటు 3 ఉన్న జట్టుకు నిజంగా 31 శాతం అవకాశం ఉంటే వందకు 93 తిరిగొస్తాయి. 101 ఉన్న జట్టుకు నిజమైన అవకాశం 300లో ఒకటైతే వందకు 34 కూడా తిరిగి రావు. రెంటినీ ఒకే 1.18తో భాగిస్తే ఈ తేడా మొత్తం మాయమైపోతుంది. దయచేసి భాగించకండి.

నేను చేసేది వేరు. కప్పును మెట్లుగా విడగొడతాను. బలహీనమైన జట్టు తీసుకోండి. మొదటి నలుగురిలో చేరడానికి ఎనిమిదిలో ఒక వంతు, సెమీస్ గెలవడానికి ఐదులో ఒకటి, ఫైనల్‌కూ ఐదులో ఒకటి అనుకుందాం. 8 × 5 × 5 = 200. రెండు వందల్లో ఒకసారి గెలిచేదానికి 101 ఇస్తున్నారు, అంటే సగం. ఇప్పుడు ఆ జట్టు మీద కాస్త అభిమానం పెంచుకుని ఆరులో ఒకటి, నాలుగులో ఒకటి, నాలుగులో ఒకటి అని రాయండి. 6 × 4 × 4 = 96. అదే 101 ఇప్పుడు లాభసాటిగా కనిపిస్తోంది! ఏ మెట్టు దగ్గరా మీరు పెద్ద తప్పు చేయలేదు. మూడు చిన్న ఆశలు ఒకదాన్నొకటి హెచ్చించుకుని అవకాశాన్ని రెట్టింపు చేశాయి.

‘మరి లెస్టర్ సిటీ?’ అని తప్పకుండా అడుగుతారు. 2015-16లో 5000కి 1 చొప్పున ఉన్న జట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ గెలిచింది, నిజమే. ఆ రేటు మరీ ఎక్కువ ఇచ్చారనీ నేను ఒప్పుకుంటాను. కానీ 1992లో లీగ్ మొదలైనప్పటినుంచి అంతవరకు కప్పు గెలిచిన క్లబ్బులు ఐదే: మాంచెస్టర్ యునైటెడ్, బ్లాక్‌బర్న్, ఆర్సెనల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీ. ఏటా అట్టడుగు జట్ల మీద పెట్టిన డబ్బంతా పోతూనే వచ్చింది, ఆ టికెట్లు ఎవరూ ఫ్రేము కట్టించుకోలేదు. పైగా లెస్టర్ మీద పెట్టినవాళ్ళలో కొందరు టెన్షన్ తట్టుకోలేక సీజన్ మధ్యలోనే క్యాష్ అవుట్ చేసుకున్నారు, అంటే బుకీ అప్పటికి ఇస్తానన్నంత తీసుకుని పందెం వదిలేసుకున్నారు. ఆ క్యాష్ అవుట్ రేటులో కూడా బుకీ కోత ఉంటుంది. దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం ఈసారి కష్టమే, ఒక సాయంత్రం పడుతుంది. పై పది జట్లకూ రేట్లు మూసేసి, మెట్ల పద్ధతిలో మీ సొంత శాతాలు రాయండి. మొత్తం 100 రావాలి, 101 కూడా ఒప్పుకోను. చివరి జట్టుకు అర శాతం పెంచాలనిపిస్తే ఏ జట్టు దగ్గర తీశారో పక్కన రాయండి. ఆ తర్వాతే రేట్లు తెరిచి, ఒక్కో జట్టుకూ మీ శాతాన్ని రేటుతో గుణించండి. వందకు తక్కువ వచ్చిన జట్లు ఎన్నో లెక్కపెట్టి ఉంచుకోండి.