ఇంటర్వెల్‌కు పేరు పెట్టేటప్పుడు ముందు అక్షరాలు, తర్వాతే మెట్లు

నల్లగొండ వైపు భజనల్లోనో చర్చిలోనో కీబోర్డు వాయించేవారికి స్వరాలు చేతికి బాగానే అలవాటై ఉంటాయి గానీ, రెండు స్వరాల మధ్య దూరమైన ఇంటర్వెల్ పేరు రాయమంటే చాలామంది నేరుగా మెట్లు లెక్కపెడతారు. తప్పు అక్కడే దొర్లుతుంది.

ముందుగా షార్ప్, ఫ్లాట్ గుర్తులను పక్కనపెట్టి, మొదటిదాన్ని కూడా కలుపుకొని అక్షరాలను లెక్కించాలి. సి, డి, ఇ మూడక్షరాలు కనుక సి నుంచి ఇ వరకు థర్డ్ అవుతుంది. ఆ తర్వాత నల్లవాటితో సహా మెట్లను లెక్కించాలి. ఈసారి మాత్రం బయలుదేరిన మెట్టును కలపకూడదు. నాలుగు మెట్లుంటే మేజర్ థర్డ్, ఇ ఫ్లాట్ వరకు మూడే కనుక మైనర్ థర్డ్. అదే నల్ల మెట్టును డి షార్ప్ అని రాస్తే అక్షరాలు రెండే అవుతాయి. రెండు మెట్ల మేజర్ సెకండ్ కంటే ఒకటి ఎక్కువ కనుక అది ఆగ్మెంటెడ్ సెకండ్. చెవికి తేడా తెలియదు, కాగితం మీదే తెలుస్తుంది.

ఫోర్త్, ఫిఫ్త్‌లకు మేజర్, మైనర్ ఉండవు. తెల్ల మెట్ల మీద ఫోర్తులన్నీ అయిదు మెట్ల పర్ఫెక్టులే. ఎఫ్ నుంచి పైనున్న బి వరకు మాత్రం ఆరు మెట్లు రావడంతో ఆగ్మెంటెడ్ అవుతుంది. అలాగే ఫిఫ్తులు ఏడు మెట్ల పర్ఫెక్టులే గానీ, బి నుంచి పైనున్న ఎఫ్ వరకు ఆరే ఉన్నందున అది డిమినిష్డ్. ఈ రెండూ గుర్తుంటే ఎఫ్ షార్ప్ నుంచి బి వరకు మళ్లీ లెక్కించనక్కరలేదు: కింది స్వరం ఒక మెట్టు పైకి జరిగి దూరం తగ్గింది కనుక అది పర్ఫెక్ట్ ఫోర్త్.