కొత్త ఉద్యోగికి స్వాగత మెయిల్ పంపే ముందు మేనేజర్ చూసుకోవాల్సినవి

మెయిల్‌ను వాళ్లు ఉద్యోగంలో చేరే రోజుకు రెండు మూడు పనిదినాల ముందే, వారి సొంత మెయిల్ ఐడీకి పంపండి. ఆఫీసు ఐడీ సాధారణంగా మొదటి రోజు లాగిన్ అయ్యాకే తెరుచుకుంటుంది. అక్కడికి పంపితే ఎన్ని గంటలకు రావాలో వాళ్లకు ముందుగా తెలియదు. బయటి ఐడీ కాబట్టి పాస్‌వర్డ్‌లు, క్లయింట్ల వివరాలు పెట్టకండి.

మొదటి రోజు గురించి వివరంగా రాయండి: వచ్చే సమయం, ఏ గేటు, ఏ గుర్తింపు కార్డు, ఎవరిని కలవాలి, వారి ఫోన్ నంబరు. ఆ వ్యక్తి ఆ రోజు సెలవులో లేరని ముందే కనుక్కోండి. మొదటి వారంలో మిగతా రోజులకు ఒక్కో వాక్యం చాలు.

ఎక్కువగా తేడా వచ్చేది మన అంచనాలు చెప్పే చోటే. "త్వరగా పని అందుకోవాలి" అని రాస్తే కొత్తవాళ్లు కంగారుపడి, అడగాల్సినవి కూడా అడగరు. సాఫ్ట్‌వేర్ టీమ్ అయితే ఇలా రాయవచ్చు: "శుక్రవారానికల్లా ప్రాజెక్టు మీ ల్యాప్‌టాప్‌లో నడవాలి, ఒక చిన్న మార్పు రివ్యూకి పంపాలి. ఎక్కడైనా అరగంటకు మించి ఆగిపోతే నన్ను అడగండి." యాక్సెస్ కోసం పెట్టిన ఐటీ టికెట్ ఎక్కడిదాకా వచ్చిందో చూశాకే ఈ గడువు ఉంచండి. యాక్సెస్ గురువారం వస్తే, ఆలస్యం మనదే అయినా మాట పడేది వాళ్లు.

పాత మెయిల్‌నే మార్చి పంపుతుంటే పేరు, హోదా, తేదీకి వారం సరిపోయిందా అన్నవి మళ్లీ చూడండి.