ఉష్ణోగ్రత ఊగుతోందా? ముందు లోపలి ఫ్లో లూప్ చూడండి

సమస్య: చెన్నైలోని అంబత్తూరులో, ఆవిరితో నీటిని వేడిచేసే హీట్ ఎక్స్‌ఛేంజర్ అది. నీరు 70 డిగ్రీల వద్ద నిలవాలి. కానీ 66కి, 74కి మధ్య ఊగుతోంది, ఒక్కో ఊపుకు సుమారు 4 నిమిషాలు. ఉష్ణోగ్రత కంట్రోలర్ TIC ఎంత ఆవిరి కావాలో చెబుతుంది, ఫ్లో కంట్రోలర్ FIC వాల్వును తిప్పి అంత ఆవిరిని అందిస్తుంది. ఈ కాస్కేడ్‌లో TICది బయటి లూప్, FICది లోపలి లూప్. నైట్ షిఫ్టులో ఉన్న నెల్లూరు ఆపరేటరు TIC గెయిన్‌ను రెండుసార్లు తగ్గించి చూశారు. ఊపు నెమ్మదించింది గానీ ఆగలేదు.

పరీక్ష: TICని మాన్యువల్‌లో, FICని సొంత సెట్‌పాయింట్‌తో ఆటోలో పెట్టాం. ఊపు ఆగిపోయింది. అంటే తప్పు రెండు లూప్‌ల పొత్తులో ఉంది. తర్వాత ఫ్లో సెట్‌పాయింట్‌ను కొద్దిగా పెంచి గడియారం చూశాం. ఆవిరి ఆ విలువను అందుకోవడానికి నిమిషానికి పైగా పట్టింది. ఫ్లో లూప్‌కు ఇది చాలా ఎక్కువ.

కారణం: ఆవిరి ఫ్లోను కొలిచే ట్రాన్స్‌మిటర్‌లో, కొలతను నున్నగా చేసే డ్యాంపింగ్ 10 సెకన్లు ఉంది. తెరమీద గీత వణుకుతోందని ఎవరో పెంచారు. దానికి తగ్గట్టు FIC ఇంటెగ్రల్ సమయాన్ని 12 సెకన్లకు సాగదీశారు. గీత నున్నగా వచ్చింది, లూప్ మాత్రం మొద్దుబారింది.

ఇక్కడే అసలు కిటుకు. TIC ఆవిరి అడుగుతుంది, అది వెంటనే రాదు. నీరు వేడెక్కలేదని మరికొంత అడుగుతుంది. అడిగినదంతా చేరేసరికి నీరు 70 దాటేసి ఉంటుంది. అప్పుడు తగ్గించమంటుంది, ఆ మాటా ఆలస్యంగానే అమలవుతుంది. లోపలి ఆలస్యం మొత్తంగా బయటి లూప్ నెత్తిన పడుతోంది. పైగా బాయిలర్ పీడనం మారినప్పుడు, నీటికి తెలియకముందే ఆ తేడాను సరిదిద్దడానికే FICని పెట్టారు. అది నిదానిస్తే కాస్కేడ్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. లోపలి లూప్ బయటిదానికంటే కనీసం 3 నుంచి 5 రెట్లు వేగంగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

పరిష్కారం: TICని మాన్యువల్‌లోనే ఉంచి డ్యాంపింగ్‌ను 1 సెకనుకు, ఇంటెగ్రల్ సమయాన్ని 2 సెకన్లకు తగ్గించాం. గెయిన్ 0.5ని కదపలేదు. ఫ్లో ఇప్పుడు సుమారు 12 సెకన్లలో సెట్‌పాయింట్‌ను చేరుకుంటోంది. గీత కాస్త వణుకుతుంది, వణకనివ్వండి. ఆ తర్వాతే కాస్కేడ్‌లోకి మార్చి TIC గెయిన్‌ను మెల్లగా తిరిగి పెంచాం. ఈ వరుస తిరగేయకూడదు. లోపలి లూప్ మారితే బయటి ట్యూనింగ్ మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. నీరు అర డిగ్రీ తేడాలో నిలిచింది.

ఒక హెచ్చరిక: FIC అవుట్‌పుట్ మెల్లగా పెరుగుతూ ఉండగా ఫ్లో కదలకుండా ఉండి, ఒక్కసారిగా దూకితే అది ట్యూనింగ్ తప్పు కాదు. వాల్వు పట్టేస్తోంది. అప్పుడు సంఖ్యలు మార్చకండి. గ్లాండ్ ప్యాకింగ్ బిగుతును, పొజిషనర్‌ను చూపించండి.