దూరదేశపు సదస్సులో మన పేపర్ – 6వ పాఠం: సెషన్ చెయిర్‌కి, నిర్వాహకులకి ధన్యవాదాలు

గత పాఠంలో ప్రసంగం తర్వాత వచ్చే ప్రశ్నలకు ఎలా జవాబు చెప్పాలో చూశాం. సెషన్ ముగిసింది, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టేశారు, టెన్షన్ తగ్గింది. ఆ సాయంత్రం నుంచి ఇంటికి చేరిన తర్వాతి వారం దాకా రాయాల్సిన రెండు ఉత్తరాల గురించే ఈ పాఠం.

ఉదాహరణకి వియన్నాలో ఏటా ఏప్రిల్ ప్రాంతంలో జరిగే యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ మహాసభ తీసుకుందాం. అందరూ ఈజీయూ అంటారు. నీటివనరులు, భూగర్భశాస్త్రం, వాతావరణం చదివే మన పిల్లలు చాలామంది మొదటిసారి విదేశంలో పేపర్ చదివేది ఇక్కడే. ఇది పెద్ద సభ. 2024లో వెయ్యికి పైగా సెషన్లు జరిగాయి. మన ఉదాహరణలో అనంతపురం జిల్లాలో పనిచేసే ఒక పరిశోధకురాలు ఉంది. పూడిక తీసిన చెరువుల కింద బావుల్లో నీళ్లు ఎంత పెరిగాయి అన్నది ఆమె పేపర్. మంగళవారం ఉదయం సెషన్, ఆమెకు ఇచ్చింది పది నిమిషాలు, ప్రశ్నలతో కలిపి.

ముందు ఎవరు ఏ పని చేశారో తెలియాలి. అది తెలియకుండా రాస్తే ఉత్తరం తప్పు మనిషికి పోతుంది. ఈజీయూలో సెషన్‌ను కన్వీనర్లు ప్రతిపాదిస్తారు. వాళ్లు ఎక్కడో ఒక విశ్వవిద్యాలయంలోనో పరిశోధనా సంస్థలోనో పనిచేసేవాళ్లు, ఈ పనికి జీతం ఉండదు. సంక్షిప్తాలన్నీ చదివి, ఎవరికి ప్రసంగం, ఎవరికి పోస్టర్, ఎవరు ముందు, ఎవరు తర్వాత అని నిర్ణయించేది వాళ్లే. సెషన్ రోజున వేదిక మీద కూర్చుని పేరు పిలిచి, టైమ్ చూసి, ప్రశ్నలు నడిపేవారు చెయిర్. చాలాసార్లు కన్వీనర్లలో ఒకరే చెయిర్‌గా ఉంటారు, ఒక్కోసారి వేరే మనిషి ఉంటారు. ప్రోగ్రామ్‌లో రెండు పేర్లూ విడివిడిగా ఉంటాయి, చూసుకోండి. ఇక రిజిస్ట్రేషన్, వీసాకు కావాల్సిన ఆహ్వాన పత్రం, హాళ్ల ఏర్పాట్లు వంటివి చూసేది కోపర్నికస్ మీటింగ్స్ అనే సంస్థ సిబ్బంది. ఇది వాళ్ల ఉద్యోగం. మీ పేపర్ ఏమిటో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అందుకే చెయిర్‌కి రాసే ఉత్తరంలో పేపర్ గురించి ఉండాలి, ఆఫీసుకు రాసే దాంట్లో ఏర్పాట్ల గురించి ఉండాలి. రెండూ కలిపి ఒకే ఉత్తరం అందరికీ పంపితే ఎవరికీ తమకు రాసినట్టు అనిపించదు.

మొదట చెయిర్ సంగతి. సెషన్ అయిన వెంటనే వేదిక దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పాలి, అంతే. ఉదయం మొదటి సెషన్ 8:30కి మొదలై 10:15కి ముగుస్తుంది, రెండోది 10:45కి మొదలవుతుంది. మధ్యలో ఉన్న అరగంటలో చెయిర్‌ను పట్టుకోవాలని ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. అక్కడ పేపర్ గురించి చర్చ పెట్టవద్దు. "మీ ప్రశ్నకు లెక్క చేసి పంపుతాను, థాంక్యూ" అంటే చాలు. అసలు ఉత్తరం ఆ రాత్రో మరుసటి రాత్రో, వియన్నాలో ఉండగానే రాయాలి. చెయిర్ ఆ 105 నిమిషాల్లో పదిమంది దాకా విన్నారు. వారం గడిస్తే ఆ ముఖాలు, అంకెలు అన్నీ కలిసిపోతాయి.

ఉత్తరంలో ఏం రాయాలో తెలియాలంటే హాల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. మన పరిశోధకురాలు బావుల నీటిమట్టం పెరుగుదలను బట్టి భూమిలోకి ఇంకిన నీటిని లెక్క కట్టింది. లెక్క సులువే: మట్టం ఎంత పెరిగిందో దాన్ని స్పెసిఫిక్ యీల్డ్‌తో గుణించాలి. అంటే నీటితో నిండిన రాయిని వదిలేస్తే దాని పరిమాణంలో ఎంత శాతం నీళ్లు కిందికి కారతాయో ఆ అంకె. ఆమె 3 శాతం తీసుకుంది. పూడిక తీసిన చెరువుల కింద మట్టం 4 మీటర్లు పెరిగింది కాబట్టి 120 మిల్లీమీటర్లు ఇంకింది అని చూపించింది. ప్రసంగం అయ్యాక ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పుడు చెయిర్ అడిగారు: "మీ శిథిల గ్రానైట్‌లో బంకమన్ను ఎక్కువని మీ స్లైడే చెబుతోంది, మరి 3 శాతం ఎందుకు?"

మంచి ప్రశ్న. మన దేశంలో భూగర్భజల అంచనాకు వాడే పద్ధతిలోనే బంకమన్ను తక్కువ ఉన్న శిథిల గ్రానైట్‌కు 2 నుంచి 4 శాతం, ఎక్కువ ఉన్నదానికి 1 నుంచి 2 శాతం అని ఉంది. ఆమెకు అప్పటికప్పుడు తోచలేదు, టైమూ అయిపోయింది. ఇక్కడ చెయిర్ చేసిన సాయం రెండు విధాలు. హాలు మౌనంగా ఉన్నప్పుడు తానే ప్రశ్న వేసి ఆమెను నిలబెట్టారు. ఆ ప్రశ్నతో పేపర్‌లో బలహీనమైన చోటు బయటపెట్టారు. ధన్యవాదం చెప్పాల్సింది ఈ రెంటికీ. "అద్భుతంగా నిర్వహించారు" అన్న మాట ఏ చెయిర్‌కైనా సరిపోతుంది, అందుకే అది ఎవరికీ అందదు.

ఆమె ఉత్తరం విషయం ఇలా ఉండాలి. ఇంగ్లీషులో వెళ్లేదే అయినా ముందు తెలుగులో పేర్చుకుంటే వాక్యాలు తిన్నగా వస్తాయి:

"ప్రొఫెసర్ గారికి, మంగళవారం ఉదయం మీ సెషన్‌లో అనంతపురం చెరువుల గురించి మాట్లాడింది నేను. నా ప్రసంగం అయ్యాక హాల్లో ప్రశ్నలు లేనప్పుడు మీరు స్పెసిఫిక్ యీల్డ్ గురించి అడిగారు. మీ ప్రశ్న విని విరామంలో ఇద్దరు నా దగ్గరికి వచ్చి మాట్లాడారు. ధన్యవాదాలు. రాత్రి 1.5 శాతంతో మళ్లీ లెక్క వేశాను. పూడిక తీసిన చోట 120 మిల్లీమీటర్లు అన్నది 60కి తగ్గింది. పూడిక తీయని చోట మట్టం 2.5 మీటర్లే పెరిగింది, అక్కడ 75 అన్నది 37.5 అయింది. రెండు చోట్లా ఒకే శాతం వాడాను కాబట్టి వాటి నిష్పత్తి మారలేదు, అసలు పరిమాణం మాత్రం సగమైంది. పత్రికకు పంపే వ్యాసంలో రెండు అంకెలూ ఇస్తాను."

ఇంతే. ఇందులో పొగడ్త లేదు, కానీ చదివినవారికి తన ప్రశ్న వృథా కాలేదని తెలుస్తుంది. అంతకు మించిన కృతజ్ఞత చెయిర్‌కి అక్కర్లేదు అన్నది నా గట్టి అభిప్రాయం. ఇచ్చిన మాట ప్రకారం లెక్క పంపకుండా ఉత్త థాంక్స్ రాస్తే మాత్రం ఆ ఉత్తరం రాయకపోవడమే నయం.

సబ్జెక్ట్ లైన్‌లో రోజు, సెషన్, ఏ పేపర్ అన్నది రావాలి. మన కాలేజీ ఉత్తరాల్లో అలవాటైన "రెస్పెక్టెడ్ సర్" వద్దు. చెయిర్ ఆడవారైతే అది తప్పు, మగవారైనా ఎవరికో రాసిన అర్జీలా ఉంటుంది. "డియర్ ప్రొఫెసర్" లేదా "డియర్ డాక్టర్" అని ఇంటిపేరుతో రాయండి. వాళ్లు జవాబులో సంతకంగా మొదటి పేరు ఒక్కటే పెడితే, ఆ తర్వాత మీరూ ఆ పేరుతో పిలవొచ్చు. మన పేర్ల చిక్కు ఒకటుంది: ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. ఉత్తరం కింద పేరు ప్రోగ్రామ్‌లో అచ్చయినట్టే రాసి, దాని కింద సంక్షిప్తం నంబర్ వేయండి. పాస్‌పోర్టులో ఒకలా, ప్రోగ్రామ్‌లో ఇంకోలా ఉంటే చెయిర్ మిమ్మల్ని వెతికి పట్టుకోలేరు.

ఈ ఉత్తరాలు ఎక్కువగా చెడిపోయేది ఒక చోటే: ధన్యవాదంతో పాటు కోరిక చేర్చినప్పుడు. "మీ దగ్గర పోస్ట్‌డాక్ ఖాళీ ఉందా", "సిఫారసు ఉత్తరం ఇస్తారా" అన్న వాక్యం చివర్లో వస్తే పై వాక్యాలన్నీ దానికోసమే రాసినట్టు కనిపిస్తాయి. నిజంగా అడగాలనుకుంటే కొన్ని వారాలాగి, సరిచేసిన వ్యాసం జత చేసి వేరే ఉత్తరంలో అడగండి. మొదటి ఉత్తరానికి పెద్ద ఫైళ్లు కూడా జత చేయవద్దు, అంకెలు ఉత్తరంలోనే చెప్పేయండి.

రాసింది బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇలా చూడండి. మీ పేరు తీసేసి అదే సెషన్‌లో మాట్లాడిన ఇంకొకరి పేరు పెట్టండి. అప్పుడూ ఉత్తరం సరిపోతే మళ్లీ రాయాలి.

కన్వీనర్ వేరు, చెయిర్ వేరు అయితే కన్వీనర్‌కి మూడు వాక్యాల ఉత్తరం విడిగా పంపండి. మీ పేపర్‌ను ఏ పేపర్ల పక్కన పెట్టారో, దానివల్ల మీకు ఏం కలిసొచ్చిందో అందులో ఉండాలి. రాజస్థాన్ చెక్‌డ్యాముల పేపర్ తర్వాత మీది వచ్చింది, విన్నవాళ్లు రెంటినీ పోల్చి అడిగారు అనుకోండి. ఆ క్రమం వాళ్లు ఆలోచించి పెట్టిందే. చెయిర్‌కి పంపిన ఉత్తరాన్నే ఇటూ పంపకండి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

ఇక ఆఫీసు. శుక్రవారంతో సభ ముగుస్తుంది. ఆ మరుసటి వారం, ఇంటికి చేరాక రాస్తే చాలు. మీకు సాయపడిన పని ఏదో ఒకటి చెప్పండి: వీసా గడువు దగ్గరపడినప్పుడు ఆహ్వాన పత్రం సవరించి పంపారు, లేదా రసీదులో విశ్వవిద్యాలయం పేరు సరిచేశారు. ఏ తేదీన జవాబిచ్చారో రాస్తే ఆ పని చేసినవారికి ఆ ఉత్తరం చేరవేయడం వాళ్లకు సులువు. మీకు అలాంటి ప్రత్యేక సాయం ఏదీ అందకపోతే ఆఫీసుకు ఉత్తరం అవసరం లేదు, సభ తర్వాత పంపే అభిప్రాయ ఫారంలో హాలు గురించి, టైమ్ గురించి రెండు మాటలు రాయండి.

హాజరు సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ రసీదు మనకు తప్పనిసరిగా కావాలి. ఇంటికొచ్చాక ప్రయాణ గ్రాంటు లెక్క చూపించడానికి, డ్యూటీ సెలవుకి అవే అడుగుతారు, బోర్డింగ్ పాస్‌లతో సహా. ఇవి ముందు మీ లాగిన్‌లో చూసి దించుకోండి. లేకపోతే విడిగా, ఒకే వాక్యంలో అడగండి. ధన్యవాదాల ఉత్తరం చివర "సర్టిఫికెట్ పంపగలరు" అని పెడితే అది సర్టిఫికెట్ ఉత్తరమే అవుతుంది.

చెయిర్ నుంచి జవాబు రాకపోయినా ఏమీ అనుకోకండి. ఆ వారం తర్వాత వాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉంటుంది. "బాగుంది, ఆల్ ద బెస్ట్" అని వస్తే అక్కడితో ఆపండి, దానికి మళ్లీ థాంక్స్ రాయకండి. కానీ మన పరిశోధకురాలికి ఇలా వచ్చింది అనుకుందాం: "పూడిక తీసిన చెరువుల కిందా తీయని చెరువుల కిందా బంకమన్ను ఒకే స్థాయిలో ఉందా?" ఇది పట్టించుకోవాల్సిన ప్రశ్న. రెండు చోట్లా శాతం వేరైతే ఆమె చెప్పిన నిష్పత్తి కూడా నిలవదు. బావి తవ్వకపు నమూనాలు చూడకుండా జవాబు చెప్పడం ఆమెకు కుదరదు. కాబట్టి ఆ రోజే "నమూనాలు అనంతపురంలో ఉన్నాయి, నెలాఖరుకి చూసి రాస్తాను" అని తేదీతో రాయాలి, ఆ తేదీకి రాయాలి.

అభ్యాసం: మీరు ఇటీవల మాట్లాడిన ఏదైనా సెషన్ తీసుకోండి, ఊళ్లోని కాలేజీ సెమినార్ అయినా సరే. చెయిర్ చేసిన ఒక పని, దానివల్ల మీ పేపర్‌లో మారిన ఒక అంకె లేదా వాక్యం కాగితం మీద రాసుకోండి. ఆ రెంటితో ఆరు వాక్యాలు దాటకుండా ఉత్తరం తయారు చేయండి. వచ్చే పాఠంలో ప్రశ్నల సమయంలో వచ్చిన సూచనలను పత్రిక వ్యాసంలోకి ఎలా చేర్చాలో, కృతజ్ఞతల పేరాలో ఎవరి పేరు ఎప్పుడు పెట్టవచ్చో చూద్దాం.