పచ్చసొన చిట్లకుండా గుడ్డును విడదీయడం ఎలా?

మే నెల మధ్యాహ్నం, విజయనగరంలో మా వంటింట్లో ఆరు గుడ్ల స్పాంజి కేకు మొదలుపెట్టాను. ఐదు గుడ్ల తెల్లసొన ఒకే గిన్నెలోకి శుభ్రంగా దిగింది. ఆరోది కొట్టగానే పచ్చసొన చిట్లి, పసుపు చార ఆ ఐదింటిలోకి జారిపోయింది. ఆరో గుడ్డును వాటి మీదే పగలగొట్టిన తప్పు నాదే.

గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ తెల్లసొనలోని నీరు పచ్చసొనలోకి చేరి, దాని చుట్టూ ఉన్న పొర పలచబడుతుంది. ఎండాకాలంలో కొట్టు ముందు ట్రేలో వేడెక్కిన గుడ్డుకు ఈ గతి ఇంకా త్వరగా పడుతుంది. అందుకే తాజా గుడ్లు తెచ్చి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే విడదీయండి. చల్లదనానికి పొర బిగువుగా ఉంటుంది. గిలక్కొట్టే ముందు మాత్రం తెల్లసొనను పావుగంట బయట ఉంచితే నురుగు త్వరగా వస్తుంది.

మూడు గిన్నెలు తీసుకోండి. గుడ్డును గిన్నె అంచుకు కాకుండా చదునైన గట్టు మీద ఒక్కసారి కొట్టండి. అంచుకు కొడితే పెంకు ముక్క లోపలికి దిగి పొరను చీల్చవచ్చు. సబ్బుతో కడిగిన చేతిని దోసిలిలా పట్టి గుడ్డును అందులో వంచండి. వేళ్లు కొద్దిగా విప్పితే తెల్లసొన చిన్న గిన్నెలోకి జారుతుంది, పచ్చసొన చేతిలో ఆగుతుంది. పెంకు నుంచి పెంకుకు మార్చే పద్ధతి నాకు నచ్చదు. పెంకు అంచు కోస్తుంది, పైన ఉన్న మురికి కూడా అంటుతుంది. పచ్చసొన రెండో గిన్నెలోకి పోతుంది. చిన్న గిన్నెలోది శుభ్రంగా ఉందని చూశాకే మూడో గిన్నెలో, అంటే పెద్దదానిలో, పోయాలి. ఇలా చేస్తే చెడినా ఒక్క గుడ్డే చెడుతుంది.

పచ్చసొన చుక్క పడిందా? చెంచాతో వెంటపడితే అది జారుకుంటుంది. విరిగిన పెంకును దాని కిందికి దించండి. పెంకు అంచు తెల్లసొనను కోస్తూ పోతుంది కాబట్టి చుక్క దానిలోకి వచ్చేస్తుంది. పచ్చసొనలోని కొవ్వు గాలిబుడగల గోడలు కట్టే ప్రోటీన్లకు అడ్డుపడుతుంది. జిడ్డుగా ఉన్న గిన్నె కూడా అదే పని చేస్తుంది. అందుకే ప్లాస్టిక్ గిన్నె వద్దు, స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో తుడిచి ఆరబెట్టుకోండి.

నేను చారను పెంకుతో ఎత్తేశాక సన్నని నలుసు ఒకటి మిగిలింది. అర చెంచా నిమ్మరసం పిండి, మామూలు కన్నా రెండు నిమిషాలు ఎక్కువ గిలక్కొట్టాను. బీటర్ ఎత్తితే నురుగు కొస మెత్తగా వాలింది. స్పాంజికి అది చాలింది, గట్టి నురుగు కావాల్సిన మెరాంగ్‌కు చాలదు. ఐదారు నిమిషాలు గిలక్కొట్టినా పెద్ద బుడగలు వచ్చి విరిగిపోతూ, అడుగున నీరు కనిపిస్తే ఆపేయండి, ఇక అది లేవదు. పచ్చసొన కలిసిపోయి మొత్తం లేత పసుపుగా మారినప్పుడూ అంతే. అందులో పక్కన పెట్టిన పచ్చసొన కూడా కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి అట్టు పోసేయండి. కేకుకు కొత్త గుడ్లు తెచ్చుకోవాలి.